స్కానింగ్ గది బయట కూర్చున్న తండ్రి గురించి: రేడియాలజీ మిత్రులకు బహిరంగ లేఖ

తోటి రేడియాలజిస్టులకు, ఎంఆర్ఐ టెక్నీషియన్లకు, రిపోర్టుల కౌంటర్లలో పనిచేసే మిత్రులకు,

నమస్కారం. మనం కలిసినప్పుడు మెషీన్ల గురించి మాట్లాడుకుంటాం, కొత్త సీక్వెన్సుల గురించి మాట్లాడుకుంటాం, రిపోర్టు ఎన్ని గంటల్లో వెళ్లాలో వాదించుకుంటాం. స్కానింగ్ గది బయట కుర్చీలో కూర్చున్న మనిషి సంగతి మాత్రం ఎప్పుడో గానీ రాదు. ఆ మనిషి గురించే ఈ ఉత్తరం. ఊరికే సూత్రాలు చెబితే ఔనని తలూపి పక్కన పెట్టేస్తాం కనుక ఒక చిన్న కథగా చెబుతాను. ఇందులోని తండ్రి ఫలానా మనిషి అని లేదు. మన కారిడార్లలో నేను చూసిన, ఆ తర్వాత కూర్చుని మాట్లాడిన చాలామంది తండ్రుల్లోంచి పుట్టినవాడు. తలుపు లోపల జరిగేది మాత్రం మీకూ నాకూ రోజూ ఉన్న పనే.

పిల్లాడికి ఎనిమిదేళ్లు. ఒకరోజు తెల్లవారుజామున లేచి అమ్మానాన్నల గదిలోకి నడిచొచ్చాడు. మూతి కుడిపక్కకు లాగుతోంది, చొంగ కారుతోంది, ఏదో చెప్పబోతున్నాడు కానీ మాట పెగలడం లేదు. స్పృహ ఉంది. పేరు పెట్టి పిలిస్తే కళ్లెత్తి చూశాడు. రెండు నిమిషాల లోపే సర్దుకుని, నిద్రలోకి జారుకున్నాడు. కొన్ని వారాలకు మళ్లీ అదే వచ్చింది, ఈసారి పట్టపగలు, ఆడుకుంటూ ఉండగా. న్యూరాలజిస్టు అంతా విని ఈఈజీ తీయించారు. చెవికి కొంచెం పైన, ముఖాన్నీ నోటినీ కదిలించే భాగం దగ్గర స్పైకులు కనిపించాయి. ఈ వయసు పిల్లల్లో తరచుగా చూసే రొలాండిక్ ఎపిలెప్సీ ఇలాగే ఉంటుంది. ఎక్కువగా నిద్రలోనో, నిద్ర లేస్తూనో వస్తుంది, పదిహేను పదహారేళ్లు వచ్చేసరికి దాదాపు అందరికీ పోతుంది. లక్షణాలూ ఈఈజీ అచ్చం అలాగే ఉంటే చాలాసార్లు ఎంఆర్ఐ అక్కర్లేదు కూడా. ఈ పిల్లాడికి స్పైకులు ఎడమవైపే ఉన్నాయి, ఒకసారి మెలకువలో వచ్చింది. అందుకని డాక్టరు "ఎందుకైనా మంచిది, ఎంఆర్ఐ కూడా చూసేద్దాం" అన్నారు.

డాక్టరు మామూలుగానే అన్నారు. తండ్రికి మాత్రం ఆ "ఎందుకైనా" అన్న ఒక్క మాటే ఇంటిదాకా వచ్చింది.

స్కాన్ రోజు పిల్లాడితో లోపలికి ఒక్కరినే రానిస్తామన్నారు. ఒంట్లో లోహం ఏదైనా ఉందా, ఎప్పుడైనా ఆపరేషన్లు అయ్యాయా అని తల్లిని అడిగి ఆమెను తీసుకెళ్లారు. తండ్రి బయట ఉండిపోయాడు. ఒళ్లో రెండు ఫోన్లు, ఆమె చెవి కమ్మలు, పిల్లాడి నిక్కరు బెల్టు. ఆ బెల్టు బకిల్ మీద కార్టూన్ బొమ్మ ఉంది, రంగు సగం పోయింది. దాన్ని బొటనవేలితో రుద్దుతూ కూర్చున్నాడు. ఎంతసేపు పడుతుందని అడిగితే "ఒక అరగంట, ముప్పావుగంట" అన్నారు. గోడ మీద గడియారం ఎదురుగానే ఉంది.

మెషీన్ మొదలైంది. బయటికి కూడా వినిపించే ఆ మోత మీకు తెలుసు. కాసేపు టకటకమని కొట్టి, ఆగి, మరో స్వరంలో గుర్రుమని అందుకుంటుంది. మనకు అది ఒక సీక్వెన్స్ అయిపోయి రెండోది మొదలవడం, అంతే. టీ1 ఒక రకంగా మోగుతుంది, డిఫ్యూజన్ ఇంకో రకంగా మోగుతుంది, నడుమ నిశ్శబ్దంలో టెక్నీషియన్ తర్వాతి స్లైసులు ఎక్కడ పడాలో గీతలు సర్దుకుంటాడు. తండ్రికి ఈ లెక్క తెలియదు. మోత ఆగిన ప్రతిసారీ ఏదో దొరికింది, అందుకే ఆపారు అనుకున్నాడు. ఇందాక విన్న మోతే మళ్లీ మొదటినుంచి వినిపించేసరికి, దొరికినదాన్ని ఇంకోసారి చూస్తున్నారని ఖాయం చేసుకున్నాడు.

లోపల జరిగింది వేరు. ఫ్లేర్ సీక్వెన్స్ నడుస్తుండగా పిల్లాడికి ముక్కు దురద పెట్టింది. గోక్కోబోయి చెయ్యి కాయిల్‌కు తగిలి తల పక్కకు తిప్పాడు. నాలుగైదు నిమిషాల సీక్వెన్స్ చివరిదాకా వచ్చి పాడైంది, మెదడు బొమ్మ మీద పుర్రె అంచుల నీడలు చారలు చారలుగా పడ్డాయి. మూర్ఛ కోసం తీసే స్కాన్‌లో ఇలాంటి బొమ్మతో సరిపెట్టుకోలేం. మనం వెతికేది మెదడు పైపొరలో ఒకచోట కాస్త మందంగా ఉన్న మడతనో, తెల్ల పదార్థానికీ బూడిద పదార్థానికీ నడుమ ఒకచోట చెరిగిపోయిన అంచునో. ఫోకల్ కార్టికల్ డిస్‌ప్లేసియా కొన్నిసార్లు అంతకన్నా పెద్దగా కనిపించదు. అందుకే ఈ స్కాన్లకు మిల్లీమీటరు మందం స్లైసులతో టీ1, అలాంటిదే ఫ్లేర్, హిప్పోక్యాంపస్‌కు అడ్డంగా కోసినట్టు వచ్చే సన్నటి టీ2 కావాలంటాం. కదిలిన బొమ్మలో ఉన్నది కనిపించకుండా పోవచ్చు, లేనిది ఉన్నట్టూ అనిపించవచ్చు. టెక్నీషియన్ మైకులో "కన్నా, బొమ్మలా పడుకోవాలి, ఇంకొక్కసారి" అని మళ్లీ తీశాడు. చేయాల్సిన పనే చేశాడు. అయితే ఆ మాట తల్లికి, పిల్లాడికి వినిపించింది గానీ కారిడార్‌లోకి రాలేదు.

కాసేపటికి రేడియాలజిస్టు వచ్చింది. చేతిలో ఫోను, చూపు నేల మీద, నడక వడిగా. తండ్రి సగం లేచాడు. ఆమె చూడకుండానే లోపలికి వెళ్లిపోయింది, తలుపు మూసుకుంది. రెండు నిమిషాల్లో అదే వడితో బయటికి వచ్చి వెళ్లిపోయింది. మన నడకలో అంత అర్థం ఉంటుందని మనం అనుకోం. కానీ తండ్రి ఇంటికెళ్లాక భార్యకు చెప్పింది మెషీన్ గురించి కాదు, ఈ నడక గురించి. "ఆవిడ నన్ను చూడలేదు. చూస్తే తెలిసిపోతుందని చూడలేదు" అన్నాడు.

ఆ రెండు నిమిషాల్లో ఆమె చూసింది ఇది. టీ2లో ఎడమ టెంపోరల్ లోబ్ ముందుకొసన, ఎముకకూ మెదడుకూ మధ్య తెల్లగా చిన్న మడుగులాంటి చోటు ఉంది. టీ2లో నీళ్లన్నీ తెల్లగానే వస్తాయి కాబట్టి అదొక్కటీ చూసి ఏమీ తేల్చలేం. మళ్లీ తీసిన ఫ్లేర్‌లో అది మెదడు చుట్టూ ఉండే సెరిబ్రోస్పైనల్ ద్రవంలాగే నల్లబడిపోయింది. డిఫ్యూజన్‌లో వెలగలేదు. చూడ్డానికి ఇలాగే ఉండే ఎపిడెర్మాయిడ్ సిస్ట్ అయితే డిఫ్యూజన్‌లో తెల్లగా మెరిసేది. పక్కనున్న మెదడును నొక్కడం లేదు, మధ్యగీత జరగలేదు, చుట్టూ వాపు లేదు. అంటే అది అరక్నాయిడ్ సిస్ట్. మెదడును కప్పే పల్చటి పొరలో పుట్టుకనుంచీ ఏర్పడి, అదే ద్రవంతో నిండి ఉండే సంచి. పిల్లలకు ఏ కారణంతోనైనా ఎంఆర్ఐ తీస్తే నూటికి ఇద్దరు ముగ్గురిలో కనిపిస్తుంది. మగపిల్లల్లో ఎక్కువ, ఎడమవైపు ఎక్కువ, అన్నిటికన్నా ఎక్కువగా సరిగ్గా ఈ చోటే. కాంట్రాస్ట్ ఇంజెక్షన్ అవసరం లేదని టెక్నీషియన్‌కు చెప్పి ఆమె వెళ్లిపోయింది. తండ్రికి శిక్షలా తోచిన ఆ రెండు నిమిషాల్లో పిల్లాడికి ఒక సూది తప్పింది.

తలుపు తెరుచుకుంది. పిల్లాడు నడుచుకుంటూ వచ్చాడు. హెడ్‌ఫోన్లు ఒత్తుకుని చెవులు ఎర్రబడ్డాయి. "నాన్నా, నేను కదల్లేదు, ఒక్కసారే కదిలాను" అన్నాడు. తండ్రి టెక్నీషియన్‌ను అడిగాడు: "ఏమైనా కనిపించిందా సార్?"

"రిపోర్టులో వస్తుందండీ."

ఇక్కడ కాసేపు కథ ఆపుతాను. టెక్నీషియన్ తప్పేమీ చేయలేదు. ఫలితం చెప్పడం అతని పని కాదు, చెప్పకూడదు కూడా. కానీ ఆ తండ్రి అడిగింది ఫలితం ఒక్కటే కాదు. ఇంతసేపు ఎందుకు పట్టింది, అదే మోత రెండుసార్లు ఎందుకు వచ్చింది, ఆ డాక్టరు ఎందుకు వచ్చి వెళ్లింది అన్నవన్నీ ఆ ఒక్క ప్రశ్నలో ఉన్నాయి. ఫలితం జోలికి పోకుండానే వీటికి జవాబు చెప్పొచ్చు. "మేం బొమ్మలు తీస్తామండీ, చదివి చెప్పేది డాక్టరుగారు. బాబు కాస్త కదిలాడు, ఒకటి మళ్లీ తీయాల్సి వచ్చింది, అందుకే ఆలస్యం. ఇంజెక్షన్ ఇవ్వాలో వద్దో చూడ్డానికి డాక్టరుగారు ప్రతి స్కాన్ మధ్యలో వచ్చి చూస్తారు. ఇప్పుడు నా మొహం చూసి ఏమీ అనుకోకండి, నేను అందరికీ ఇదే చెబుతాను." ఇంత చెప్పడానికి అర నిమిషం పడుతుంది. ఈ మాటల్లో రోగం గురించి ఒక్క ముక్క లేదు. కావలసిందల్లా అందరికీ ఒకేలా చెప్పడం. స్కాన్ బాగున్నప్పుడు నవ్వుతూ "ఏం లేదులెండి" అని, బాగోలేనప్పుడు "రిపోర్టులో వస్తుంది" అంటే ఆ రెండో మాటే రిపోర్టు అయిపోతుంది. ముందు వెళ్లినవాళ్లకు ఏం చెప్పామో కారిడార్‌లో కూర్చున్నవాళ్లు వింటూనే ఉంటారు.

సరే, కథకు వస్తాను. సాయంత్రం తండ్రి ఫోన్‌కు రిపోర్టు వచ్చింది. న్యూరాలజిస్టు దగ్గర అపాయింట్‌మెంట్ మర్నాడు. పిల్లాణ్నీ తల్లినీ లోపల కూర్చోబెట్టి, తండ్రి అదే కారిడార్ చివరికి వెళ్లి తెరిచాడు. పైనుంచి చదివాడు. ఎడమ మిడిల్ క్రేనియల్ ఫోసాలో 22 × 18 × 15 మిల్లీమీటర్ల సిస్ట్, గెలాసీ టైప్ 1. ఇది మొదటి వాక్యం. కింద వెంట్రికిల్స్, సెరిబెల్లమ్, సైనస్‌ల గురించి వరసగా వాక్యాలు. హిప్పోక్యాంపస్‌లు రెండూ మామూలుగా ఉన్నాయని, కార్టెక్స్‌లో ఎక్కడా లోపం లేదని ఎక్కడో అడుగున ఒక వాక్యం ఉంది. ఆఖరున ఇంప్రెషన్: "ఎడమ మిడిల్ క్రేనియల్ ఫోసాలో అరక్నాయిడ్ సిస్ట్. క్లినికల్ కోరిలేషన్ సూచించడమైనది."

ఈ రిపోర్టులో అబద్ధం ఒక్కటి లేదు. మన కొలమానాల ప్రకారం మంచి రిపోర్టే. తండ్రికి అర్థమైంది మాత్రం ఇది: నా కొడుకు మెదడులో ఏదో ఉంది, దాని గురించి ఇంకా ఏదో చూడాలంటున్నారు. ఆ పేరు ఫోన్‌లో కొట్టి చూశాడు. పుర్రెలో సగం మేర నల్లటి ఖాళీతో ఉన్న బొమ్మలు వచ్చాయి, షంట్ ఆపరేషన్లు వచ్చాయి. అవి గెలాసీ టైప్ 3. మెదడును పక్కకు తోసేసేంత పెద్దవి. టైప్ 1 అంటే టెంపోరల్ కొస దగ్గరే ఆగిపోయిన చిన్నది, దేన్నీ నొక్కనిది. రిపోర్టులో ఆ అంకె ఉంది. అది ఊరటనిచ్చే అంకె అని చెప్పేవాళ్లు ఆ సాయంత్రం ఆ కారిడార్‌లో లేరు. ఆ రాత్రంతా తండ్రి పిల్లాడి మంచం పక్కనే కూర్చున్నాడు. ఊపిరి చూశాడు, మూతి చూశాడు.

మిత్రులారా, నేను ముఖ్యంగా అడగదలచుకున్నది ఇక్కడే ఉంది. న్యూరాలజిస్టు రాసిన చీటీలో మనకు ఒక ప్రశ్న ఉంది: ఈ పిల్లాడికి ఫిట్స్ తెప్పించే లోపం ఏదైనా మెదడులో ఉందా? దానికి మన జవాబు: "లేదు." ఇంప్రెషన్‌లో మొదటి వాక్యం ఆ జవాబు కావాలి. "మూర్ఛకు కారణం అనదగ్గ లోపం కనిపించలేదు. హిప్పోక్యాంపస్‌లు, కార్టెక్స్ మామూలుగా ఉన్నాయి." ఆ తర్వాత రెండోది: "ఎడమ టెంపోరల్ కొసన చిన్న అరక్నాయిడ్ సిస్ట్, ఒత్తిడి లేదు, వేరే పని మీద తీసిన స్కాన్‌లో యాదృచ్ఛికంగా కనిపించింది." కనిపించినవి అవే, వరస మారిందంతే. మనకు కంటికి ఏది కొట్టొచ్చినట్టు కనిపిస్తే దాన్ని ముందు రాయడం అలవాటు. అడిగినదానికి ముందు జవాబు చెప్పడం న్యూరాలజిస్టుకూ మంచిదే. రోజుకు ఎన్నో రిపోర్టులు చదివే మనిషి మొదటి వాక్యం దగ్గర ఆగిపోయే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది.

ఆ "క్లినికల్ కోరిలేషన్" కూడా. ఏం సరిపోల్చుకోవాలో మనకు తెలిస్తే అదే రాయొచ్చు. ఈ పిల్లాడి విషయంలో రాయాల్సింది స్పష్టంగానే ఉంది. స్పైకులు వస్తున్నది చెవికి పైన సెంట్రోటెంపోరల్ భాగంలో, సిస్ట్ ఉన్నది టెంపోరల్ లోబ్ ముందుకొసన. పక్క ఒకటే అయినా చోట్లు వేరు. "ఈఈజీలో స్పైకుల చోటుతో పోల్చి చూడగలరు" అని రాస్తే న్యూరాలజిస్టుకు పని సులువవుతుంది, తండ్రికి అది ఎవరినో అనుమానించే వాక్యంలా వినిపించదు.

మర్నాడు న్యూరాలజిస్టు సరిగ్గా ఈ మాటే చెప్పారు. స్కాన్ బొమ్మలు తెరిచి, సిస్ట్ చూపించి, స్పైకులు ఎక్కడో వేలితో పిల్లాడి తల మీదే చూపించారు. ఫిట్స్‌కు దీనికీ సంబంధం ఉన్నట్టు లేదన్నారు. మందు మొదలుపెట్టాలా, వేచి చూడాలా అన్నది ఫిట్స్ ఎంత తరచుగా వస్తాయన్నదాన్ని బట్టి ఉంటుందని, స్కాన్‌ను బట్టి కాదని చెప్పారు. సిస్ట్‌కు చేయాల్సింది ఏమీ లేదు. తలకు గట్టి దెబ్బ తగిలినప్పుడు ఇలాంటి సిస్ట్ చిట్లి రక్తమో ద్రవమో చేరడం ఉంది, కానీ అది అరుదు. తలనొప్పి రోజురోజుకూ పెరుగుతూ పొద్దున లేవగానే వాంతులైతే, చూపు తగ్గితే, వెంటనే రావాలి. తండ్రి ఇవన్నీ రాసుకున్నాడు. అంతకుముందు రాత్రి అతనికి కావలసింది ఇవే.

తల్లిదండ్రులు రిపోర్టు ముందే చదివేయడం మంచిది కాదని, డాక్టరు చూశాకే ఇవ్వాలని మనలో కొందరంటారు. నేను ఒప్పుకోను. అది వాళ్ల బిడ్డ స్కాన్, చూసే హక్కు వాళ్లది. దాచితే కారిడార్‌లో వేచి ఉండే కాలం పెరుగుతుందే గానీ భయం తగ్గదు. వాళ్లు చదువుతారని తెలిసి రాయడమే మన చేతిలో ఉన్నది.

ఇంకొక్కటి. తలలో రక్తస్రావం, వెంట్రికిల్స్ ఉబ్బిపోవడం, పెద్ద కణితి, మెదడు కిందికి జారడం లాంటివి కనిపిస్తే మనం రిపోర్టు టైపు చేసేదాకా ఆగం. వెంటనే పంపిన డాక్టరుకు ఫోన్ చేస్తాం, ఎవరితో ఎన్ని గంటలకు మాట్లాడామో రిపోర్టులో రాస్తాం. ఇది మనకు ఎంత సహజమంటే బయటివాళ్లకు తెలియదన్న సంగతే మరిచిపోతాం. స్కాన్‌కు ముందు, లోహం గురించి ప్రశ్నలు అడిగేటప్పుడే, బయట ఉండిపోయే మనిషికి కూడా ఈ మాట చెప్పాలి: "ఇప్పటికిప్పుడు ఏదైనా చేయాల్సింది కనిపిస్తే మీ డాక్టరుకు వెంటనే ఫోన్ చేస్తాం, మిమ్మల్ని ఇక్కడినుంచి పంపించం. ఇంటికి వెళ్లమన్నామంటే అత్యవసరమైనది ఏదీ లేదని అర్థం. అంతా మామూలుగా ఉందని మాత్రం దానికి అర్థం కాదు, అది మీ డాక్టరు చెబుతారు." ఈ చివరి వాక్యం వదిలేయకండి. అత్యవసరం కాని లోపాలు ఉంటాయి, ఆ డిస్‌ప్లేసియా లాంటివి. అవి ఉన్న పిల్లాడి తండ్రిని కూడా మనం ఇంటికి పంపిస్తాం. తర్వాత మనం మోసం చేశామని అతను అనుకోకూడదు.

టైము లేదంటారని తెలుసు. వరసలో ఇంకో పేషెంటు ఉంటాడు, మెషీన్ ఖాళీగా ఉండకూడదు. లోపలికి వెళ్లేవాళ్ల బకిళ్లు, కమ్మలు, ఫోన్లు బయట ఉండేవాళ్ల చేతుల్లో పెట్టిస్తాం కదా, ఆ పనికి పట్టే సమయం చాలు. ఆ సమయంలో మనం ఎటూ వాళ్ల ఎదురుగానే నిలబడి ఉంటాం.

మీ విభాగాల్లో ఈ మాటలు ఎవరు చెబుతున్నారు, ఏ క్షణంలో చెబుతున్నారు, పిల్లల స్కాన్లకు ఇంప్రెషన్ ఏ వరసలో రాస్తున్నారు అన్నవి తెలుసుకోవాలని ఉంది. ఎవరైనా ఇంతకన్నా మంచి మాటలు తయారు చేసుకుని ఉంటే పంపండి, మా కన్సోల్ గది గోడ మీద అంటిస్తాను.

ఇట్లు,
పిల్లల మెదడు స్కాన్లు చదివే ఒక రేడియాలజిస్టు